జబ్బు తగ్గిన భక్తురాలి అనుభవం ఛానెల్లో పెట్టాలంటే అంగీకార పత్రం ఎలా రాయించుకోవాలి

గుడి తరఫునో, భజన మండలి తరఫునో ఛానెల్ నడిపేవాళ్ళు చాలామంది అంగీకార పత్రం అంటే ఒక్క వాక్యం రాయించుకుని వదిలేస్తారు: "నా వీడియో మీ ఛానెల్లో వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు." కోలాటం వీడియోకి అది చాలు. జబ్బు తగ్గిన అనుభవానికి చాలదు.

అలాంటి వీడియోలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఆవిడ తన ఒంటి సంగతి ఊరందరికీ చెప్తున్నారు. అది ఆవిడ ఇష్టం, ఆవిడ సంతకంతో సరిపోతుంది. అదే జబ్బుతో ఉన్న ఇంకొకరు ఆ వీడియో చూసి ఏం చేయాలో నిర్ణయించుకుంటారు. దానికి ఆవిడ సంతకం ఎందుకూ పనికిరాదు. అందుకే ఈ పత్రంలో ఏం చూపిస్తామో రాయడంతో పాటు, ఏం చెప్పకూడదో కూడా అంతే వివరంగా రాయాలి.

పక్షవాతం నుంచి కోలుకున్న ఒక భక్తురాలిని ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి అనుభవాలు మన గుళ్ళలో తరచుగా వినిపిస్తాయి. తప్పు మాట వల్ల నష్టం గంటల్లో జరిగిపోయే జబ్బు కూడా ఇదే.

ముందు ఎవరు, ఎప్పుడు అడగాలి

దర్శనం చేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చిన మనిషి ముందు మైకు పెట్టకండి. అప్పుడు ఏది అడిగినా సరే అంటారు. అడిగేవాళ్ళు పూజారిగారో, స్వామీజీనో కాకూడదు. ఆవిడ ఆయన కాళ్ళకు దండం పెట్టే మనిషి, ఆయన అడిగితే కాదనలేరు. మండలిలో ఆవిడతో సమానంగా కూర్చుని మాట్లాడే ఒక స్త్రీ అడిగితే మంచిది. "వద్దంటే ఏమీ అనుకోం పిన్నిగారూ, మీ సేవకీ దీనికీ సంబంధం లేదు" అని ఆ మాట పైకి అనాలి. పత్రం ఇంటికిచ్చి పంపండి, కనీసం ఒక రాత్రి ఆవిడ దగ్గర ఉండనివ్వండి. డబ్బు, చీర, ప్రత్యేక దర్శనం లాంటివేవీ ఇవ్వవద్దు. రానుపోను ఛార్జీలు ఇస్తే ఆ మొత్తం పత్రంలో రాయండి.

పక్షవాతం విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళలో మాట కూడా దెబ్బతినడం ఎక్కువ. కొందరికి మాట్లాడటం వచ్చినా, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా అందదు. అయినా మర్యాదకి తలూపుతారు. ఆ తల ఊపడం అంగీకారం కాదు. పత్రం చదివి వినిపించాక "ఈ వీడియో ఎవరెవరు చూస్తారు? మీకు వద్దనిపిస్తే ఏం చేస్తారు?" అని అడగండి. రెండింటికీ ఆవిడ తన మాటల్లో జవాబు చెప్పగలిగితేనే సంతకం తీసుకోండి. చెప్పలేకపోతే కొడుకు సంతకంతోనో, కోడలి సంతకంతోనో పని కానివ్వకండి. వీడియో ఆపేయండి.

సంతకం చేయలేని చేతికి వేలిముద్ర చాలు. అప్పుడు ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో కనీసం ఒకరు మండలికి చెందనివారై ఉండాలి. "చదివి వినిపించాము, అర్థమైందని చెప్పి వేలిముద్ర వేశారు" అని సాక్షి తన చేతిరాతతో రాయాలి. స్టాంపు పేపరు, నోటరీ ఈ పనికి అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాస్తే చాలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన తప్పు మాట ఒప్పు కాదు.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల అనుభవమైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. అయినా పిల్లల ముఖం, పేరు, బడి చూపించవద్దనే మా సలహా. ఇరవై ఏళ్ళు వచ్చాక కూడా ఆ వీడియో వాళ్ళ పేరుతో తిరుగుతూనే ఉంటుంది.

కెమెరాకి ముందు కాగితం మీద మాటలు విడదీయండి

ఈ పనంతటికీ గుండెకాయ ఇదే. చాలామంది దీన్నే వదిలేస్తారు. భక్తురాలితో కూర్చుని ఆవిడ చెప్పేదంతా ముందు మామూలుగా రాసుకోండి. సాధారణంగా ఇలా ఉంటుంది:

"పొద్దున్నే మూతి వంకర పోయింది, కాలూ చెయ్యీ పడిపోయాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంటికి తెచ్చుకున్నాం. మండలం రోజులు స్వామి చుట్టూ ప్రదక్షిణలు చేయించారు, విభూతి నీళ్ళు తాగాను. లేచి నడిచాను. ఇప్పుడు ఒక్క మాత్ర కూడా వేసుకోవట్లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళెవరైనా ఇక్కడికొస్తే తగ్గిపోతుంది."

ఇప్పుడు ఒక్కో వాక్యం పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఇది జరిగిన విషయమా, ఆవిడ నమ్మకమా, చూసేవాళ్ళకి ఇచ్చే సలహానా? జరిగిన విషయానికి కాగితం ఆధారం చూడాలి. నమ్మకాన్ని నమ్మకంగానే చెప్పించాలి. సలహాని తీసేయాలి.

"డాక్టర్లు చేతులెత్తేశారు" అన్న మాట దగ్గర ఆగండి. దాదాపు ప్రతి అనుభవంలోనూ ఇది ఉంటుంది. డిశ్చార్జి కాగితం తీసి చూస్తే మాత్రం అక్కడ రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, ఫిజియోథెరపీ, ఫలానా తేదీన మళ్ళీ చూపించుకోవాలని రాసి ఉంటుంది. చేతులెత్తేసినవాళ్ళు అవన్నీ రాయరు. డాక్టరు నిజంగా అన్నది "ఎంతవరకు కోలుకుంటారో ఇప్పుడే చెప్పలేం" అయి ఉంటుంది. భయంలో ఉన్న ఇంటివాళ్ళకి అది "ఇక లేవదు" అని వినిపిస్తుంది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, అలాగే గుర్తుంది. కానీ ఛానెల్లో అలా వేస్తే ఆ ఆసుపత్రి మీద నింద అవుతుంది, చూసేవాళ్ళకి వైద్యం వృథా అన్న మాట చేరుతుంది. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు పూర్తిగా తీసేయండి. పొగడటానికైనా సరే, వాళ్ళను అడగకుండా పేరు వాడవద్దు.

"లేచి నడిచాను" నిజమే. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, వ్యాయామం చేయిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఆవిడ మండలం దీక్ష ఆ మూడు నెలల్లోనే పడింది. ప్రదక్షిణలకు రోజూ చెయ్యి పట్టి నడిపించారు కూడా. ఏది ఎంత పని చేసిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఆవిడ స్వామి దయ అంటారు, అనే హక్కు ఆవిడకు ఉంది. మందుల మాట, వ్యాయామం మాట పక్కన ఉండాలి, అంతే.

"ఒక్క మాత్ర కూడా వేసుకోవట్లేదు" అన్నది అన్నిటికన్నా ప్రమాదం. రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర సొంతంగా మానేస్తే మళ్ళీ పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆవిడ నిజంగానే మానేసి ఉంటే రికార్డింగు ఆపి, ఇంటివాళ్ళతో మాట్లాడి ముందు డాక్టరు దగ్గరికి పంపండి. వీడియో సంగతి తర్వాత. తరచూ జరిగేదేమిటంటే, ఆవిడ మాత్రలు వేసుకుంటూనే ఉంటారు, భక్తి తగ్గినట్టు కనిపిస్తుందని పైకి చెప్పరు. కోడలిని పక్కకి పిలిచి అడిగితే డబ్బా తీసుకొచ్చి చూపిస్తుంది.

ఇక చివరి వాక్యం. పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపైతేనే కొందరికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరు. ఇవ్వాలా వద్దా అన్నది స్కాన్ చూశాకే తేలుతుంది. అందుకని నాలుగు గంటలకు చేరినా ఆలస్యమే. "ఇక్కడికొస్తే తగ్గిపోతుంది" అన్న మాట విన్న కుటుంబం ముందు గుడికి బండి కట్టించుకుంటే ఆ గంటలు దారిలోనే పోతాయి. ఈ వాక్యాన్ని ఏ రూపంలోనూ ఉంచవద్దు.

విడదీశాక మిగిలేది ఇలా ఉంటుంది:

"పొద్దున్నే మూతి వంకర పోయి, కాలూ చెయ్యీ పడిపోయాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వైద్యం చేశారు, మందులిచ్చారు, వ్యాయామం చెప్పారు. ఇంటికొచ్చాక వ్యాయామం చేస్తూనే మండలం రోజులు స్వామి చుట్టూ ప్రదక్షిణలు చేశాను. నడవగలిగాను. స్వామి దయ వల్లే నాకు ధైర్యం వచ్చిందని నా నమ్మకం. మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. మీకెవరికైనా ఇలా మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ముందు 108కి ఫోన్ చేయండి. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు."

భక్తి ఎక్కడా తగ్గలేదు చూడండి. ఆ చివరి రెండు వాక్యాలు తెర మీద చిన్న అక్షరాలుగా కాకుండా ఆవిడ నోటితోనే రావాలి. అడుగున నాలుగు సెకన్లు తిరిగే గమనిక ఎవరూ చదవరు. చదువు రానివాళ్ళకి అసలే అందదు.

పత్రం ఇలా రాయండి

ఆవిడ మాట్లాడే తెలుగులో, పెద్ద అక్షరాల్లో, రెండు పేజీలు మించకుండా రాయండి. రెండు ప్రతులు తీసి ఒకటి ఆవిడకే ఇవ్వండి.

> అంగీకార పత్రం
>
> నా పేరు ................., వయసు ......, ఊరు ................. . ................. ఛానెల్ వారు నా అనుభవాన్ని తేదీ ........ న రికార్డు చేయడానికి నా ఇష్టంతో ఒప్పుకుంటున్నాను. ఇందుకు నేను డబ్బు గానీ మరే లాభం గానీ తీసుకోలేదు. (దారి ఖర్చులు ఇస్తే: రూ. ........)
>
> 1. ఏం చూపించవచ్చు. నా ముఖం [అవును / కాదు], నా పేరు [పూర్తిగా / మొదటి అక్షరం / వద్దు], నా ఊరు [అవును / కాదు], నా గొంతు [అవును / మార్చి]. నా జబ్బు పేరు: [పక్షవాతం] అని చెప్పవచ్చు. నాకున్న మిగతా జబ్బుల గురించి చెప్పకూడదు. నా రిపోర్టులు, స్కాన్లు, మందుల చీటీలు తెర మీద చూపించకూడదు.
>
> 2. ఎక్కడ. ఈ ఛానెల్ యూట్యూబ్ పేజీలో, కింద నేను అవునన్నచోట మాత్రమే. ఫేస్‌బుక్ [అవును / కాదు], వాట్సాప్ [అవును / కాదు], గుడి ఫ్లెక్సీలు, కరపత్రాలు [అవును / కాదు]. ఇతర ఛానెళ్ళకు ఇవ్వకూడదు.
>
> 3. నేను చెప్పే మాటలు. దీనికి జత చేసిన కాగితంలో ఉన్నవి. అందులో నాకు జరిగిన వైద్యం, నేను ఇప్పుడు వాడుతున్న మందుల సంగతి నిజమని చెబుతున్నాను. దైవం గురించి చెప్పినది నా నమ్మకం.
>
> 4. చెప్పకూడనివి. నా వీడియోలోనూ, దాని శీర్షికలోనూ, పైన పెట్టే బొమ్మలోనూ, వివరణలోనూ ఈ మాటలు రాకూడదు: మందులు మానేయమని, ఆసుపత్రి అక్కర్లేదని, ఈ పూజ, తీర్థం, విభూతి, తాయెత్తు వల్ల ఈ జబ్బు తగ్గుతుందని లేదా రాదని, ఇన్ని రోజుల్లో తగ్గుతుందని, డాక్టర్ల మీద, ఆసుపత్రి మీద నింద. నా వీడియోతో ఏ వస్తువూ అమ్మకూడదు, విరాళం అడగకూడదు.
>
> 5. ముక్కలు. చిన్న వీడియోగా కత్తిరిస్తే నా వైద్యం, మందుల గురించిన వాక్యం అందులో తప్పక ఉండాలి.
>
> 6. ముందు నాకు చూపాలి. పూర్తయిన వీడియో, శీర్షిక, పైన పెట్టే బొమ్మ నాకు చూపించి, నేను సరేనన్నాకే పెట్టాలి. చూపించిన తేదీ: ........ సంతకం: ........
>
> 7. వెనక్కి తీసుకోవడం. నేను ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, ........ నంబరుకి ఫోన్ లేదా మెసేజ్ చేస్తే 24 గంటల్లో వీడియో కనిపించకుండా చేసి, 7 రోజుల్లో తీసేస్తారు. అప్పటికే ఇతరులు దించుకున్న కాపీలను ఛానెల్ వారు వెనక్కి తేలేరని నాకు చెప్పారు. నేను వెనక్కి తీసుకున్నా గుడిలో నా సేవకు, దర్శనానికి ఏ ఇబ్బందీ ఉండదు.
>
> 8. నా ఆరోగ్యం మారితే. జబ్బు తిరగబెట్టినా, నేను చనిపోయినా నా తరఫున ................. (పేరు, బంధుత్వం) చెప్పిన వెంటనే వీడియో తీసేయాలి.
>
> భక్తురాలి సంతకం / వేలిముద్ర, తేదీ. సాక్షులు ఇద్దరు. ఛానెల్ తరఫున బాధ్యుల పేరు, సంతకం, ఫోన్.

మొదటి రెండు అంశాల్లో అవును, కాదు అన్నచోట ముందే టిక్కు పెట్టి ఇవ్వకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అంగీకారం స్వేచ్ఛగా, ఫలానా పనికి మాత్రమే, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా అంటుంది. ఏడో అంశంలో ఈమెయిల్ పెట్టకుండా ఫోన్ నంబరు పెట్టింది అందుకే. ఆవిడకు ఈమెయిల్ ఉండదు.

ఆరో అంశం అలంకారం కాదు. పక్షవాతం తర్వాత కొందరికి చిన్న విషయానికే ఏడుపు తన్నుకొస్తుంది, ఆపుకోలేరు. అది జబ్బు తెచ్చిన మార్పు. ఎడిటర్‌కి మాత్రం అది భక్తి పారవశ్యంలా కనిపిస్తుంది, దానికే వీణ నేపథ్యం పెట్టి మొదట్లో వేస్తాడు. ఆవిడ చూసి "అది తీసేయండి నాయనా" అనే అవకాశం ఆ ఆరో అంశం వల్లే వస్తుంది.

శీర్షిక, కామెంట్లు: ఇక్కడే గాడి తప్పుతుంది

లోపల అంతా జాగ్రత్తగా మాట్లాడించి, పైన "పక్షవాతం మాయం! డాక్టర్లే ఆశ్చర్యపోయారు" అని పెడితే పత్రం వృథా. చాలామంది బొమ్మ చూసి వెళ్ళిపోతారు, వీడియో తెరవరు. "పక్షవాతం తర్వాత మళ్ళీ నడిచాను: ఒక భక్తురాలి అనుభవం" అని పెట్టండి. జబ్బు పేరు పక్కన తగ్గుతుంది, పోతుంది, మాయం, గ్యారంటీ అనే మాటలు రాకపోతే చాలావరకు దారిలో ఉన్నట్టే.

తర్వాత కామెంట్లు. "ఆ విభూతి ఎలా తెప్పించుకోవాలి?", "మా నాన్నగారికి కూడా వచ్చింది, నంబరు ఇవ్వండి" అని అడుగుతారు. అక్కడ ధర, ఫోన్ నంబరు ఇచ్చారంటే అనుభవం కాస్తా ప్రకటన అవుతుంది. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటిని కూడా మాయా చికిత్స కిందే లెక్కిస్తుంది. అలాంటి చికిత్సలు చేసేవాళ్ళు ఫలానా జబ్బు తగ్గుతుందని వాటి గురించి ప్రకటించకూడదు. ఆ చట్టం జాబితాలో పక్షవాతం, మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ, గుండె జబ్బులు, బీపీ ఉన్నాయి. ప్రకటన అంటే కాగితమే కానక్కర్లేదు, నోటి మాటగా, వెలుతురుతో, శబ్దంతో చేసినదైనా ప్రకటనే. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్ళీ చేస్తే ఏడాది వరకు. ఆవిడ సంతకం చూపించినా అది మీకు రక్షణ కాదు.

యూట్యూబ్ కూడా వైద్యం మానేయమనే వీడియోలను, ప్రమాదకరమైన చికిత్సలను ప్రోత్సహించే వీడియోలను తీసేస్తుంది. సొంత అనుభవం చెప్పినా, అది అలాంటి సలహాగా మారితే వదలదు.

కామెంట్లలో అడిగినవాళ్ళకి ఒకే జవాబు తయారుగా ఉంచుకుని పైన పిన్ చేయండి: "మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108. మందులు డాక్టరు చెప్పకుండా మానకండి. గుడి దర్శన వేళలు ఇవి." మందు మానేశానని ఎవరైనా రాస్తే ఆ కామెంటును తొలగించి వదిలేయకండి. డాక్టర్ని కలవమని వాళ్ళకు జవాబు రాసి, ఆ తర్వాత దాచండి.

పెట్టిన తర్వాత

రిపోర్టులు చూసి తిరిగి ఇచ్చేయండి, ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోకండి. ఆధార్ కాపీ ఈ పనికి అక్కర్లేదు. పత్రం, మాటల కాగితం, పూర్తి రికార్డింగు ఒకే కవరులో, బీరువాలో ఒకరి బాధ్యతలో ఉంచండి. వీడియో ఉన్నంతకాలం, తీసేశాక ఇంకో మూడేళ్ళు దాచితే మంచిది. మండలి కార్యదర్శి మారినప్పుడు ఆ కవరు, ఏడో అంశంలోని ఫోన్ నంబరు రెండూ కొత్తవారికి అప్పగించాలి. తరచూ దెబ్బతినేది ఇక్కడే. పాత నంబరు పనిచేయదు, ఆవిడ కొడుకు వీడియో తీసేయమని గుడి చుట్టూ తిరుగుతాడు.

ఆరు నెలలకోసారి ఆవిడకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఆరోగ్యం ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నారా, వీడియో ఇంకా ఉండనివ్వమంటారా. జవాబు, తేదీ కవరు మీద రాయండి. మళ్ళీ పక్షవాతం వచ్చిందని తెలిస్తే ఆవిడ అడిగేదాకా ఆగకుండా అదే రోజు వీడియోను ప్రైవేట్‌లో పెట్టి, ఎనిమిదో అంశంలో పేరున్న బంధువుకి మీరే ఫోన్ చేయండి.